పేరులో మూడక్షరాలు

రాజాంలో ఒక ఇంట పాపకు ఏడాది నిండుతోందంటే పనులు కొన్ని వాటంతటవే వరుసలో పడతాయి. హాలు మాట్లాడుకోవడం, కేకు చెప్పడం, ఫ్లెక్సీకి ఫొటోలు ఏరడం, దగ్గరివాళ్లకు ఇవ్వడానికి కార్డు వేయించడం. ఈ కార్డు మీద ఈమధ్య ఒక ముచ్చట కనిపిస్తోంది. పాప పేరులోని అక్షరాలను నిలువుగా పేర్చి, ఒక్కో అక్షరంతో ఒక్కో పాదం మొదలయ్యేలా చిన్న కవిత వేయిస్తున్నారు. పై నుంచి కిందకు చూపు దించితే పేరు కనబడాలి, ఎడమ నుంచి కుడికి చదివితే దీవెన వినబడాలి. చూడ్డానికి సులువుగానే ఉంటుంది. తెలుగులో రాయబోతేనే ఇందులో ఉన్న చిక్కు తెలుస్తుంది.

మనవరాలి కార్డు కోసం రాజాంలో ఒక డీటీపీ షాపుకు వెళ్లిన రిటైర్డు మాస్టారు ఒకరు ఈ చిక్కులోనే పడ్డారు. పాప అసలు పేరు ఇక్కడ రాయడం లేదు. అలాంటి చిక్కే ఉన్న మరో పేరు, వర్షిణి, తీసుకుని ఆ కథ చెప్పుకుందాం. షాపు కుర్రవాడు ధైర్యంగానే చెప్పాడు: "అదెంత పని మాస్టారూ! పేరు నిలువుగా పెట్టీసి, అక్షరానికో లైను రాసిచ్చీండి. రంగులేసి నేను సెట్ చేసీస్తాను." మాస్టారు కాగితం తీసి వ అని రాశారు. దాని కింద ర్షి అని రాసి కలం ఆపేశారు.

ర్షితో మొదలయ్యే మాట తెలుగులో లేదు. ణితో మొదలయ్యేదీ లేదు. మూడక్షరాల పేరులో రెండు అక్షరాలు పాదం మొదట నిలబడనంటున్నాయి.

ఇంగ్లీషులో ఈ ఇబ్బంది దాదాపు ఉండదు. వాళ్ల అక్షరాలు విడివిడిగా ఉంటాయి. ఏ అక్షరంతోనైనా ఏదో ఒక మాట మొదలవుతుంది. లూయిస్ కరోల్ 1871లో అచ్చువేసిన ఆలిస్ రెండో పుస్తకం చివర ఒక కవిత పెట్టాడు. అందులో 21 పాదాలు, ప్రతి పాదం మొదటి అక్షరం ఏరితే ఆలిస్ ప్లెజెన్స్ లిడెల్ అని ఆ పాప పూర్తి పేరు వస్తుంది. ఇరవయ్యొక్క అక్షరాలను ఇరవయ్యొక్క పాదాల మొదట కూర్చోబెట్టడానికి ఆయనకు భాష అడ్డురాలేదు. మన అక్షరం అలా కాదు. హల్లు, దాని ఒత్తు, దాని గుణింతం అన్నీ కలిస్తేనే ఒక్క అక్షరం. ఇంగ్లీషు స్పెల్లింగులో ఎనిమిదిగా ఉండే వర్షిణి మన లిపిలో మూడే. పాదాలు తగ్గినందుకు సంతోషించవచ్చు గానీ, ఆ మూడూ ఒక్కొక్కటి బరువైనవి.

పైగా ఇప్పటి పేర్ల తీరు ఈ బరువును పెంచింది. అన్విత, జాహ్నవి, హర్షిత్, తన్విక లాంటి పేర్లలో మధ్య అక్షరం సంయుక్తం. బాబుల పేర్లు చాలావరకు పొల్లుతో ముగుస్తున్నాయి. త్ అనో ష్ అనో ఏ పాదమూ మొదలుకాదు. సీత, రాము, గౌరి, కమల అని పెట్టుకున్న రోజుల్లో ఎవరైనా ఇలాంటి కవిత రాయబోతే చిటికెలో అయిపోయేది.

మొదటి అక్షరం మాత్రం పేరు పెట్టేటప్పుడే ఆలోచించి తెచ్చుకున్నది. చాలా ఇళ్లలో పంతులుగారు జన్మనక్షత్రం, పాదం చూసి అక్షరం చెబుతారు. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఆ వరుసలో వకారం దొరికిన ఇంట్లో వర్షిణి అనే పేరు పుడుతుంది. ఆ పట్టికలోనూ పేరు మొదట నిలబడని అక్షరాలున్నాయి. ఆర్ద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ వస్తాయి. వాటితో మొదలయ్యే పేర్లు లేవు గనక పంతుళ్లు అదే నక్షత్రంలో పక్క పాదం అక్షరాన్నో, దగ్గరి ధ్వనినో తీసుకోమంటారు. పేరు పెట్టేటప్పుడు అలా సర్దుకోవచ్చు. పెట్టేసిన పేరును కార్డు మీద వేసేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. బారసాల నాడు తండ్రి పళ్లెంలో బియ్యం పరిచి ఉంగరంతో రాసిన పేరు అది. కార్డు మీదా అదే రావాలి, అక్షరం పోకుండా.

షాపు కుర్రవాడు దారి చూపించాడు. ర్షిని ర, షి అని విడగొడదాం, ణికి బదులు ని వేద్దాం అన్నాడు. వరాల మూట, రత్నాల పేట, షిరిడీ సాయి దీవెన, నిండు నూరేళ్లు అని పది నిమిషాల్లో నాలుగు పాదాలు తయారయ్యాయి. కుర్రవాడి చురుకుదనాన్ని మెచ్చుకోవాలి. ఆ పాదాలను పై నుంచి కిందకు చదివితే మాత్రం వరషిని అని వస్తుంది. అది ఆ పాప పేరు కాదు. ఇంకో లోపం ఆ మాటల్లో ఉంది. వరాల మూట, రత్నాల పేట ఏ ఇంటి పాపకైనా సరిపోతాయి. పేరుతో అల్లిన పద్యంలో పేరు తప్పయి, మాటలు ఎవరివో అయితే ఇక ఆ కార్డులో ఆ పాపది ఏముంది?

పద్యాలు చదువుకున్నవారికి ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ప్రాసలో హల్లు కలిస్తే చాలు, అచ్చు ఏదైనా ఫరవాలేదు కదా, ఆ సడలింపు ఇక్కడా తీసుకోకూడదా అని. కూడదనే చెప్పాలి. ప్రాస చెవి కోసం పుట్టిన నియమం. పాదాలు వింటుంటే ఒకే హల్లు మళ్లీ మళ్లీ తగలడమే దాని పని. నిలువుగా పేరు చూపే పద్యంలో కంటికీ వాటా ఉంది. ర్షి స్థానంలో ర్షా వస్తే చదివేవాడు వర్షాణి అంటాడు. హల్లూ అచ్చూ ఒత్తూ మూడూ ఉన్నవి ఉన్నట్టు రావలసిందే.

మరి దారి ఏమిటి? దారి మన అవధానంలో ఉంది. అష్టావధానంలో న్యస్తాక్షరి అనే అంశం చాలామంది చూసే ఉంటారు. ఫలానా పాదంలో ఫలానా స్థానంలో ఫలానా అక్షరం రావాలని పృచ్ఛకుడు అడుగుతాడు. అవధాని ఆ అక్షరాలను చెప్పిన చోట్లలో ఉంచుతూ పద్యం చెబుతాడు. అక్షరం పాదం మొదటే ఉండాలన్న నియమం ఇక్కడ లేదు. మూడో స్థానంలో ఉండవచ్చు, పదకొండో స్థానంలోనూ ఉండవచ్చు. మాట మొదట నిలబడలేని అక్షరానికి మాట నడుమ చోటిచ్చే పద్ధతి ఇది. అజ్జాడలో 1864లో పుట్టి హరికథకు పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు అవధానాలూ చేసినవారే. ఈ ప్రాంతానికి ఇది కొత్త విద్య కాదు.

మాస్టారు తనను తానే పృచ్ఛకుడిగా అనుకుని ప్రశ్న వేసుకున్నారు. మొదటి పాదంలో మొదటి అక్షరం వ. రెండో పాదంలో రెండో అక్షరం ర్షి. మూడో పాదంలో మూడో అక్షరం ణి. పేరు నిలువుగా కాకుండా ఏటవాలుగా మెట్లు దిగుతుంది. అమెరికా కవి ఎడ్గార్ ఎలన్ పో 1846లో ఫ్రాన్సెస్ సార్జెంట్ ఆస్గుడ్ అనే కవయిత్రి కోసం రాసిన పద్యంలోనూ ఇదే ఏటవాలు పద్ధతి ఉంది. మొదటి పాదంలో మొదటిది, రెండో పాదంలో రెండోది, అలా చివరి పాదం దాకా. పేరును చదివేవారి కంటపడకుండా దాచడానికి ఆయన ఆ దారి పట్టాడు. మనకు అది అవసరంగా వచ్చింది. ఒత్తక్షరాన్ని విరవకుండా ఉంచాలంటే ఇంతకంటే చక్కని ఏర్పాటు కనబడదు.

అక్షరాలను పాదాల చివర పెట్టవచ్చు కదా అని అడగవచ్చు. ణికి అది బాగానే కుదురుతుంది. రాణి, మణి, వేణి అన్నీ ఉన్నాయి. ర్షి దగ్గర మళ్లీ ఇబ్బంది. దానితో ముగిసే మాటలన్నీ మహర్షి, రాజర్షి, దేవర్షి, బ్రహ్మర్షి. ఏడాది పాప కార్డులో ఋషులకు చోటు వెతకడం కష్టం.

ఇక రెండో స్థానంలో ర్షి వచ్చే మాట కావాలి. వార్షిక అనే మాట ఉంది. అది వినగానే వార్షిక పరీక్షలు, వార్షిక నివేదిక గుర్తుకొస్తాయి. హర్షించు అనే మాట అందంగా ఉంది గానీ అందులోని అక్షరం ర్షిం. సున్న చేరింది. కచ్చితంగా చూస్తే అది పేరులో ఉన్న అక్షరం కాదు. వర్షిస్తూ అంటే అక్షరం సరిపోతుంది. కాకపోతే పేరులో సగం ఒక్క మాటలోనే బయటపడి, మెట్టు దిగే సరదా పోతుంది. చివరికి శీర్షిక మిగిలింది. పత్రికలు చదివే ఇళ్లలో అందరికీ తెలిసిన మాటే. మూడో పాదానికి రమణి, తరుణి, ధరణి, తరణి వరుసకట్టాయి. మొదటి రెండూ పాపకు నప్పవు. తరణి అంటే సూర్యుడని పక్కవారికి చెప్పాల్సి వస్తుంది. ధరణి తెలియనివారు లేరు. పైగా పాప ఈ ఏడాదే నేల మీద కాలు మోపి నిలబడడం నేర్చుకుంటోంది. అక్షరం కోసం వెతికిన మాటలో పాప చేసే పని దొరకడం ఆ రోజు మాస్టారి అదృష్టం.

ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోలేదు. "ధరణి ఏటండీ, నేల అంటే సరిపోదా?" అన్నారు. ఆవిడ అన్నది నిజం. ఈ రకం పద్యంలో అక్షరం కవిని పుస్తకాల మాటల వైపు లాగుతుంది. ఒకటి రెండు అలాంటి మాటలు వస్తే ఒప్పుకోవచ్చు. అంతకు మించితే పద్యం ఇంట్లోవాళ్లు మాట్లాడినట్టు ఉండదు. అందుకే శీర్షిక, ధరణి తప్ప మిగతా మాటలన్నీ ఇంటి మాటలే ఉండాలని అక్కడికక్కడే నిర్ణయమైంది.

నడక సంగతి మిగిలింది. మూడు పాదాలు ఊరికే వచనంలో రాసినా తప్పులేదు. పదిమందిలో పైకి చదవాలంటే మాత్రం ఒక తూగు ఉండాలి. కందమో ఉత్పలమాలో రాయనక్కర్లేదు. గురజాడ 1910లో తెచ్చిన ముత్యాల సరం చాలు. ఆయన బతికి, రాసిన విజయనగరం ఇప్పుడు రాజాంకు జిల్లా కేంద్రం కూడా. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి ఇటు వచ్చింది. ముత్యాల సరంలో పాదానికి 14 మాత్రలు, మూడు, నాలుగు, మూడు, నాలుగుగా నడుస్తాయి. అలాంటి పాదాలు మూడు. నాలుగోది పొట్టిగా ఉండవచ్చు. యతిప్రాసల బెడద లేదు. మూడక్షరాల పేరుకు ఇది సరిగ్గా అమరుతుంది. మూడు నిండు పాదాలు పేరుకు, పొట్టి పాదం దీవెనకు.

మాత్రలు లెక్కపెట్టడం పిల్లలకైనా నేర్పవచ్చు. పొట్టి అచ్చున్న అక్షరం ఒక మాత్ర. దీర్ఘం రెండు. సున్న ఉన్న అక్షరం రెండు. ఒత్తక్షరానికి ముందున్న అక్షరం పొట్టిదైనా రెండు. వచ్చి అన్నప్పుడు వ తర్వాత చ్చి ఉంది గనక వకు రెండు, చ్చికి ఒకటి, మొత్తం మూడు. నావేలో రెండూ దీర్ఘాలు, నాలుగు. వాన మూడు. చినుకై నాలుగు. పద్నాలుగు అయ్యాయి. సాయంత్రానికి కాగితం మీద నిలిచిన పద్యం ఇది:

వచ్చినావే వాన చినుకై
శీర్షికై మా ఇంటి కథకే
ధరణిపై తొలి అడుగు మోపవె
చిట్టి తల్లీ, చల్లగా.

మొదటి పాదంలో మొదటి అక్షరం, రెండో పాదంలో రెండోది, మూడో పాదంలో మూడోది చూడండి. వ, ర్షి, ణి. ఏదీ విరగలేదు, ఏదీ మారలేదు. నాలుగో పాదం పన్నెండు మాత్రలతో ఆగింది. వాన చినుకు అన్న మాట ఊరికే వచ్చింది కాదు. పేరు అర్థం అందులో ఉంది, పాప వానాకాలంలో పుట్టింది. అక్షరాల లెక్క తీరగానే చాలామంది కలం పక్కన పెట్టేస్తారు. అక్కడ ఆగకుండా ఈ ఏడాదిలో ఆ ఇంట్లో ఏం జరిగిందో ఒక్కటైనా పాదంలోకి రావాలి. అన్నప్రాసన నాడు పాప పుస్తకం పట్టుకుందా, కలం పట్టుకుందా? భోగిపళ్లు పోస్తే ఏడ్చిందా, నవ్విందా? మొదటి పన్ను ఎప్పుడు వచ్చింది? ఇవి తెలిసినవాళ్లు ఇంట్లోవాళ్లే. అందుకే ఈ పద్యం బయటి కవిగారి కంటే తాతో, నాయనమ్మో, మేనత్తో రాస్తే బాగుంటుందని మా నమ్మకం. పద్యం కాస్త కుంటినా ఫరవాలేదు.

అక్షరం ఎంత మొండిదైనా దాన్ని వదలకుండా పట్టుకున్న పెద్ద ఉదాహరణ చాలా ఇళ్లలో శుక్రవారం పూట వినిపిస్తూనే ఉంటుంది. లలితా త్రిశతిలో మంత్రంలోని పదిహేను అక్షరాలకు ఒక్కోదానికి ఇరవై చొప్పున మూడు వందల నామాలు. ఆ పదిహేనులో హ్రీం మూడుసార్లు వస్తుంది. దానితో మొదలయ్యే మామూలు మాటలు లేవు. ఆ బీజాన్నే ముందు పెట్టి, దాని వెనుక మాటలు చేర్చి అరవై నామాలు అల్లారు. కష్టంగా ఉందని అక్షరాన్ని మార్చలేదు, విడగొట్టలేదు. అది స్తోత్రం, మనది పుట్టినరోజు కార్డు. పోలిక అంతవరకే. పేరును ముక్కలు చేయకూడదన్న పట్టుదల మాత్రం రెండుచోట్లా ఒకటే కావాలి.

అచ్చు దగ్గర జాగ్రత్త లేకపోతే ఇంత శ్రమా వృథా అవుతుంది. ఏటవాలు పేరుకు రంగు తప్పనిసరి. మన అక్షరాల వెడల్పులు ఒక్కలా ఉండవు కాబట్టి వ, ర్షి, ణి కచ్చితమైన వాలు గీతలో పడవు. రంగు వేయకపోతే పేరు ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. రంగు వేసేటప్పుడు ర్షి దగ్గర ఒత్తు ఒక రంగులో, పై అక్షరం ఒక రంగులో పడకుండా చూడాలి. అక్షరం మొత్తాన్ని ఎంచుకుని రంగు మార్చాలి. ఇంకో ప్రమాదం ఫాంటుతో వస్తుంది. వాట్సాప్‌లో పంపిన తెలుగు యూనికోడ్‌లో ఉంటుంది. చాలా షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లే వాడతారు. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు ముందుగా దెబ్బతినేవి ఒత్తులే. శీర్షిక ఇంకేదో అయి కూర్చుంటుంది. మార్చకుండా చూసి టైపు చేయించుకోవడమే మేలు. ప్రూఫు కాగితం మీద తీయించి చూడాలి. తెర మీద సరిగ్గా కనిపించింది అచ్చులో మారవచ్చు. ఫైలు ఇంకో కంప్యూటరుకు పంపాలంటే పీడీఎఫ్ చేసి పంపమనాలి.

ప్రూఫు చూడ్డానికి రాసినవారు పనికిరారు. పాదం ఏమనాలో మనకు ముందే తెలుసు కాబట్టి తప్పున్నా కన్ను దిద్దుకుని చదివేస్తుంది. పాప పేరు తెలియని మనిషికి కార్డు ఇచ్చి, రంగు అక్షరాలు మాత్రం పైకి చదవమనండి. ఆయన నోటి నుంచి వర్షిణి అని తడుముకోకుండా వస్తే కార్డు అచ్చుకు వెళ్లవచ్చు. వర్షిని అన్నా, ఒక్క క్షణం ఆగినా, ఎక్కడో లోపం ఉన్నట్టే.

కొందరు ఈ శ్రమంతా ఎందుకు, ఇంగ్లీషు స్పెల్లింగుతో ఎనిమిది విశేషణాలు వేస్తే పోయె అంటారు. అమెరికాలో ఉన్న మేనమామ పిల్లలు కూడా చదువుకుంటారు అంటారు. ఆ కోరికలో తప్పు లేదు. రెండో పేజీలో అదీ వేయించుకోవచ్చు. అది వేరే కవిత అవుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ రకం పద్యం అనువాదంలో దాటదు. మాటలు మారిన క్షణాన అక్షరాలు పోతాయి, పేరు పోతుంది. తెలుగు లిపిలో ఉన్న పేరు తెలుగు పద్యంలోనే నిలుస్తుంది.

ఈ కార్డును ఇవాళ చదివేది చుట్టాలు. పాప చదవడానికి ఇంకా ఆరేడేళ్లు పడుతుంది. ఒత్తులు నేర్చుకునే తరగతికి వచ్చాక, తన పేరులోని మధ్య అక్షరాన్ని తానే కూడబలుక్కుని చదివే రోజు వస్తుంది. ఆ రోజు దాకా కార్డు ఉండాలంటే పల్చని కాగితం మీద వేయించవద్దు. మందపు ఆర్ట్ కార్డు మీద రెండు ప్రతులు అదనంగా తీయించి, ఒకటి ఆల్బంలో, ఒకటి పుట్టిన తేదీ ధ్రువపత్రంతో పాటు దాచండి. వెనుక వైపు తేదీ, పద్యం రాసినవారి పేరు చేత్తో రాయండి. ఈ ఏడాది మీ ఇంట్లో మొదటి పుట్టినరోజు ఉంటే, షాపుకు వెళ్లే ముందు ఒక సాయంత్రం పాప పేరును అక్షరం అక్షరంగా కాగితం మీద రాసి, ఏది మాట మొదట నిలబడుతుందో, ఏది నిలబడదో ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి.